మా తండ్రిగారి మరణానంతరం మీ సంస్థ పంపిన దోష సందేశం, తీసుకున్న పూజ రుసుము గురించి ఫిర్యాదు

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

గత నెలలో మా నాన్నగారు కాలం చేశారు. నాలుగో రోజున, ముందు ముందు గయలో పిండప్రదానం చేయించే వీలు ఎలా ఉంటుందో తెలుసుకుందామని మీ యాప్‌లో ఆయన పేరు, గోత్రం, మరణించిన తేదీ నమోదు చేసి, ఇంట్లో ఎప్పుడూ అందుబాటులో ఉంటుందని మా అమ్మగారి ఫోన్ నంబరు ఇచ్చాను. మర్నాడు ఉదయమే ఆమెకు మీ సందేశం వచ్చింది. "మీ ఇంటి మరణానికి ధనిష్ఠా పంచక దోషం ఉండవచ్చు. శాంతి చేయించకపోతే కుటుంబంలో మరిన్ని అరిష్టాలు జరిగే ప్రమాదం ఉంది" అని అందులో రాశారు.

ధనిష్ఠా పంచకమంటే ధనిష్ఠ రెండో సగం మొదలు రేవతి వరకు చంద్రుడు ఉండే కాలం. ఆ దోషం ఉందో లేదో చెప్పాలంటే ప్రాణం పోయిన సమయానికి ఏ నక్షత్రం నడుస్తోందో పంచాంగంలో చూడాలి. ఒకే రోజులో నక్షత్రం మారవచ్చు కాబట్టి తేదీ ఒక్కటే చాలదు, గంట కూడా కావాలి. మీ ఫారంలో సమయం అడిగే గడే లేదు. మా పురోహితుడు గారు తర్వాత చూసి, నాన్నగారు పోయింది హస్తా నక్షత్రంలోనని, దానికీ పంచకానికీ సంబంధమే లేదని చెప్పారు. అంటే మీరు ఏమీ లెక్కించకుండానే, ఇంట్లో మరణం జరిగిందని తెలియగానే ఆ సందేశం పంపారు. "ఉండవచ్చు" అన్న ఒక్క మాట వాడినంత మాత్రాన మీ బాధ్యత తీరిపోదు. డెబ్బై రెండేళ్ల మా అమ్మగారు ఆ మాటను చదవలేదు, "మరిన్ని అరిష్టాలు" అన్నదే చదివి, అమెరికాలో ఉన్న తమ్ముడికి ఏమవుతుందోనని ఆ రోజంతా అన్నం ముట్టలేదు.

మాకు చెప్పకుండా ఆమే శాంతి బుక్ చేశారు. పూజకు 5,100 రూపాయలు, ముందే టిక్కు పెట్టి ఉంచిన గోసేవకు 1,101, వీడియోకు 251 కలిపి మొత్తం 6,452 రూపాయలు తీసుకున్నారు. ఆ టిక్కు తీసేయాలంటే "నా వారి సద్గతికి గోసేవ అక్కరలేదు" అన్న వాక్యాన్ని నొక్కాలి. భర్త పోయిన అయిదో రోజున ఏ ఇల్లాలు దాన్ని నొక్కగలదు? పైన "3 స్థానాలే మిగిలాయి" అని, పక్కన పదిహేను నిమిషాల గడియారం. మర్నాడు నా ఫోన్‌లో అదే పేజీ తెరిచాను, మూడు రోజుల తర్వాత మళ్లీ తెరిచాను. రెండుసార్లూ మిగిలినవి మూడు స్థానాలే, గడియారం మళ్లీ పదిహేను నిమిషాల నుంచే మొదలైంది.

ప్రకటనలో రాజమహేంద్రవరం గోదావరి రేవు బొమ్మ ఉంది. వచ్చిన రెండు నిమిషాల వీడియోలో కనిపించింది ఒక హాలు. ఒకే కలశం ముందు పన్నెండు కుటుంబాల గోత్రనామాలు వరుసగా చదివారు, మాది కాశ్యపస గోత్రమైతే కౌండిన్యస అన్నారు. సామూహికంగా చేయడం తప్పని నేను అనడం లేదు, చాలా క్షేత్రాల్లో అలా జరుగుతుంది. అయితే ఆ సంగతి బుకింగ్‌కు ముందే చెప్పాలి. సంకల్పంలో మన గోత్రం, మన పేరు పలకడం కోసమే కదా డబ్బు కట్టేది!

భారత కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో ప్రకటించిన మార్గదర్శకాల్లో, లేని తొందరను సృష్టించడం, కొనేవారి బుట్టలో అడగని సేవను చేర్చడం, వద్దన్నవారిని సిగ్గుపరిచే మాటలు వాడడం నిషిద్ధాలుగా ఉన్నాయి. ఈ మూడూ మీ ఒక్క పేజీలోనే కనిపించాయి. వాటి స్క్రీన్‌షాట్లు, వీడియో, రసీదు జతచేశాను.

దూరాన ఉన్న పిల్లలకు, నడవలేని పెద్దలకు ఇలాంటి సేవ నిజంగా అవసరమే. అందుకే మీ దగ్గరికి వచ్చాను. మొత్తం 6,452 రూపాయలూ తిరిగి ఇవ్వండి, మా అమ్మగారి నంబరును, నాన్నగారి వివరాలను తొలగించండి. మరణ వివరాలు నమోదు చేసిన వారికి, వారు అడిగితే తప్ప, దోషాల గురించీ శాంతుల గురించీ సందేశాలు పంపడం ఆపండి. పూజ పేజీలో ఎక్కడ చేస్తారు, ఎవరు చేస్తారు, ఒక్కో విడతలో ఎన్ని కుటుంబాలుంటాయి, ఆ క్షేత్రంలోని దేవాలయంతో మీకు అధికారిక సంబంధం ఉందా లేదా అన్నవి ధర పక్కనే స్పష్టమైన అక్షరాలలో రాయండి.

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో ఈ ఫిర్యాదు అందినట్టు తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. అలా జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేసి, అవసరమైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను.

భవదీయుడు,
మీ వినియోగదారుడు, విజయవాడ