మా జూనియర్ సీఏ అయ్యాడు: తోడు నిలిచినవారికి కృతజ్ఞతలు

భీమవరంలోని మా ఆఫీసులో మూడేళ్లు ఆర్టికల్‌షిప్ చేసి, ఆ తర్వాత కూడా మా వద్దనే పనిచేస్తూ చదువుకున్న మా తమ్ముడు సీఏ ఫైనల్ రెండు గ్రూపులూ పాసయ్యాడు. అతణ్ణి మనసారా అభినందిస్తూ, ఈ దారిలో అతనికి తోడుగా నిలిచినవారికి కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాను.

ఫైనల్‌లో ప్రతి పేపరులోనూ 40 మార్కులు రావడంతో సరిపోదు, గ్రూపు మొత్తంలో సగం, అంటే మూడు పేపర్లకు కలిపి 150 రావాలి. కిందటిసారి మొదటి గ్రూపు ఒక్కటే రాసినప్పుడు ఇతనికి 53, 47, 42 వచ్చాయి. ఏ పేపరూ తప్పలేదు, కానీ మొత్తం 142 దగ్గరే ఆగిపోయింది. ఆ 42 ఆడిట్ పేపరుది. రోజూ ఆడిట్ చేసే మనిషికి అక్కడే తక్కువ రావడం నన్ను చాలా బాధపెట్టింది.

అతని జవాబు పత్రం నకలు తెప్పించి, రాజమండ్రిలోని మా సీనియరు గారికి చూపించాం. సంవత్సరాంతం నాడు సరుకు లెక్కింపుకు ఆడిటర్ అనుకోకుండా వెళ్లలేకపోతే ఏం చేయాలన్నది ఒక ప్రశ్న. తణుకు దగ్గరి రైసుమిల్లులో ఇతను స్వయంగా చేసిన పనే అది: ఏప్రిల్ 4న బస్తాలు లెక్కపెట్టి, ఆ నాలుగు రోజుల్లో వచ్చిన ధాన్యాన్ని తీసివేసి, వెళ్లిన బియ్యాన్ని కలిపి, మార్చి 31 నాటి నిల్వకు వెనక్కి వచ్చాడు. జవాబులో మాత్రం "మరో రోజు లెక్కించాలి" అని ఒక్క వాక్యం రాసి వదిలేశాడు. ఆడిట్ ప్రమాణం ఎస్ఏ 501 ఏమంటుందో, ప్రశ్నలోని పరిస్థితికి అది ఎలా వర్తిస్తుందో, చివరికి తేలిందేమిటో, ఈ మూడూ వరుసగా రాయాలని సీనియరు గారు ప్రతి ఆదివారం దగ్గర కూర్చోబెట్టుకుని రాయించారు. రెండు గ్రూపులూ కలిపి రాయమని పట్టుబట్టినవారూ ఆయనే.

ఈసారి ఆడిట్‌లో 55 వచ్చాయి. అయినా మొదటి గ్రూపు మొత్తం 147 మాత్రమే. విడిగా రాసి ఉంటే మూడు మార్కులతో మళ్లీ పోయేది. రెండో గ్రూపులో 161 రావడంతో మొత్తం 308 అయింది. రెండూ ఒకేసారి రాసినవారికి ప్రతి పేపరులో 40 ఉండి, ఆరు పేపర్లకు కలిపి 300 వస్తే పాసైనట్టే. తొలి గ్రూపులో తగ్గిన మూడింటిని రెండో గ్రూపు మార్కులే పూడ్చాయి.

సీనియరు గారికి, పరీక్షల నెలల్లో ఇతని పనిని తమ మీద వేసుకున్న మా ఆఫీసువారికి, గోదాము తెరిచి ప్రతి వరుసా ఓపికగా లెక్కపెట్టనిచ్చిన మిల్లు యజమాని గారికి, ఇన్నేళ్లూ ఇంటి బరువు మోసిన ఇతని అక్కగారికి నా నమస్కారాలు.

తమ్ముడూ, సభ్యత్వానికి దరఖాస్తు ఈ వారమే పెట్టు. వచ్చే మార్చి 31న ఆ మిల్లు లెక్కింపుకు నువ్వూ నేనూ కలిసి వెళ్దాం.