బాణం చూపిన వైపే తిప్పినా బిగుసుకోలేదంటే

"అన్నా, కాగితంలో బాణం ఎటు ఉందో అటే తిప్పాను. అయినా పక్క పలక ఊగుతోంది. చెక్కలు తప్పు పంపారా?"

మా షాపులో విడిభాగాలుగా పుస్తకాల అర కొని, పెట్టెలో వచ్చే బొమ్మల కాగితం చూసి ఇంట్లో బిగించుకున్న ఒక మాస్టారు ఫోన్‌లో అడిగిన మాట ఇది. చెక్కలు సరైనవే వచ్చాయి. పొరపాటు కొంత ఆ బాణం దగ్గర జరిగింది, కొంత మా షాపులోనే జరిగింది. మా వంతు కూడా దాచకుండా చెబుతాను. విజయనగరంలోనూ, చుట్టుపక్కల నెల్లిమర్ల, గజపతినగరం, చీపురుపల్లి వైపూ మా దగ్గర విడిభాగాల పుస్తకాల అర కొన్నవాళ్లలో చాలామంది ఇదే ఇబ్బంది పడ్డారని మాకు ఆలస్యంగా తెలిసింది.

ఆ ఫోన్ వచ్చిన మర్నాడు మా కార్పెంటర్‌తో పాటు నేను కూడా దాసన్నపేటలో ఆ మాస్టారి ఇంటికి వెళ్లాను. అయిదడుగుల అర. రెండు పక్క పలకలు, పైన ఒకటి, మధ్యలో ఒకటి, కింద ఒకటి. అడ్డంగా ఉండే ఈ మూడు పలకల్లో ఒక్కోదానికి నాలుగు చొప్పున మొత్తం పన్నెండు మినీఫిక్స్‌లు పడతాయి. మినీఫిక్స్ అంటే పలకలో గుండ్రటి గుంటలో కూర్చునే పదిహేను మిల్లీమీటర్ల లోహపు బిళ్ల. దానికి జోడీగా ఒక సన్నటి బోల్టు పక్క పలకలోకి ఎక్కుతుంది. బోల్టు గుండు బిళ్ల నోట్లోకి దూరాక బిళ్లను తిప్పితే, లోపలి వంపు ఆ గుండును పట్టుకుని తనవైపు లాగుతుంది. రెండు పలకల మధ్య సందు మూసుకునేది ఆ లాగుడుతోనే.

ఇక్కడ రెండు బాణాలున్నాయి. ఒకటి బిళ్ల మీదే అచ్చు పోసి ఉంటుంది, చిన్న త్రికోణంలా. రెండోది కాగితంలో గీసిన వంకర బాణం. మాస్టారు ఈ రెండూ ఒకే మాట చెబుతున్నాయనుకున్నారు. బిళ్లను గుంటలో ఎలా పడితే అలా వేసి, దాని మీది బాణం ఎటు చూస్తుంటే అటు తిప్పారు.

బిళ్ల మీది బాణం తిప్పమని చెప్పదు. నా నోరు ఇటు ఉంది అని చెబుతుంది. బోల్టు రాకముందే ఆ బాణం పలక అంచులో ఉన్న రంధ్రం వైపు, అంటే బోల్టు వచ్చే దారి వైపు చూడాలి. బోల్టు లోపలికి వెళ్లి రెండు పలకలూ చేత్తో నొక్కితే ఆనుకున్నాకే కాగితంలోని వంకర బాణం పని మొదలవుతుంది. దాని ప్రకారం గడియారం ముల్లు తిరిగే వైపు సుమారు అరచుట్టు తిప్పాలి. అంతకు ముందే బిగువు తగిలితే అక్కడే ఆపాలి.

మాస్టారి అరలో ఏడు బిళ్లల నోళ్లు పక్కకో వెనక్కో తిరిగి ఉన్నాయి. గుండుకు లోపలికి వెళ్లే దారే లేదు. ఆయన సుత్తితో కొట్టి పలకలు దగ్గరికి తెచ్చారు. పార్టికల్ బోర్డుకు ఆ దెబ్బ పడదు, రెండు చోట్ల గుంట అంచు పొట్టు లేచింది. ఆ పలక మేం మార్చి ఇచ్చాం.

స్క్రూడ్రైవర్ పట్టుకున్న చేతికే తప్పు తెలిసిపోతుంది. బిళ్ల ఏ అడ్డూ లేకుండా గిర్రున చుట్టూ తిరిగిందంటే లోపల గుండు అందలేదు. మొదట్లోనే గట్టిగా ఆగిపోయిందంటే గుండు నోట్లో సరిగ్గా కూర్చోలేదు, బలవంతం చేయొద్దు, వెనక్కి తిప్పి పలక తీసి చూడండి. మొదట తేలిగ్గా కదిలి, తర్వాత క్రమంగా బరువెక్కి, అరచుట్టు దగ్గర నిలబడితే అది సరైన పట్టు. ఈ పని చేత్తోనే చేయండి. డ్రిల్లు మిషన్ పెడితే ఈ తేడా చేతికి తెలియదు, బిళ్ల నోరు విరిగిపోతుంది.

బాణాలన్నీ సరిచేశాక కూడా ఒక మూల సందు ఉండిపోయింది. పలక తీసి చూస్తే అక్కడి బోల్టు పూర్తిగా ఎక్కలేదు. బోల్టు నడుము దగ్గర చిన్న కట్టు ఉంటుంది. ఆ కట్టు పక్క పలకకు ఆనేదాకా బిగించాలి. కాగితంలో దీనికి పక్కపక్కనే రెండు బొమ్మలుంటాయి. ఒకదాని మీద పెద్ద ఇంటూ గుర్తు ఉంటుంది, అందులో కట్టుకీ పలకకీ మధ్య ఖాళీ కనిపిస్తుంది. రెండోదాంట్లో ఖాళీ ఉండదు. మాస్టారి అమ్మాయి ఆ ఇంటూ గుర్తున్న బొమ్మను ముందు చేయాల్సిన మెట్టు అనుకుని కొంత ఖాళీ వదిలిందట, తర్వాత బొమ్మలో బిగించాలనుకుని మర్చిపోయింది. ఇంటూ గుర్తు ఉన్న బొమ్మ మెట్టు కాదు, అలా ఉంటే తప్పు అని చూపించడానికే గీస్తారు. కట్టు పైకి తేలి ఉంటే గుండు బిళ్ల లోపలికి మరీ ఎక్కువ దూరం వెళ్తుంది. అప్పుడు బిళ్ల తిరగదు, లేదా తిరిగినా సందు మూసుకోదు.

నెల్లిమర్ల నుంచి వచ్చిన ఫోన్ ఇంకో రకం. "బోల్టులు ఆరు తక్కువ ఇచ్చారు" అన్నారు. కవర్లో పన్నెండు వేసిన గుర్తు మాకుంది. ఫోటో పంపమంటే విషయం అర్థమైంది. మొదటి మెట్టు బొమ్మలో ఒక పక్క పలక, బోల్టు పక్కన 6x, బొమ్మ చుట్టూ గీసిన చట్రం మూలలో 2x ఉంటాయి. ఆయన రెండూ గుణించి పన్నెండు బోల్టులూ ఒక్క పలకకే దించేశారు. రెండో పలకకు బోల్టులు లేవు.

బోల్టు పక్కన ఉన్న 6x ఆ ఒక్క పలకకు ఆరు అని. మూలలోని 2x ఈ మెట్టు మొత్తం రెండుసార్లు చేయమని, అంటే రెండో పక్క పలకకు కూడా ఇదే పని. అన్ని బోల్టులు ఒక పలకలో ఎలా పట్టాయని మీకు అనుమానం రావచ్చు. అరను పైకీ కిందికీ జరుపుకునే బుడిపెల కోసం ఆ పలకలో నిలువుగా వరస రంధ్రాలుంటాయి, ఒకదానికొకటి 32 మిల్లీమీటర్ల ఎడంతో. వాటి వెడల్పు అయిదు మిల్లీమీటర్లు. బోల్టు రంధ్రం వెడల్పూ అంతే. చూడ్డానికి తేడా తెలియదు, బోల్టు హాయిగా ఎక్కేస్తుంది. అందుకే రంధ్రాన్ని చూసి కాదు, బొమ్మలో బోల్టు నుంచి బయలుదేరిన చుక్కల గీత ఏ రంధ్రంలో ముగిసిందో చూసి పెట్టాలి. గీత చేరని రంధ్రాన్ని ఆ మెట్టులో ముట్టుకోవద్దు.

రెండో పలక చేసేటప్పుడు ఇంకో చిక్కుంది. బొమ్మలో ఒక్క పలకే ఉంటుంది కదా అని రెండోదాన్ని కూడా అచ్చం అలాగే పెట్టి చేస్తారు. అవి కుడి చెయ్యి, ఎడమ చెయ్యి లాంటివి. రెండింటినీ నేల మీద రంధ్రాలు పైకి ఉండేలా పరిచి, వెనక అట్ట దూరే గాడులు పక్కపక్కన ఆనించండి. అప్పుడు ఒక పలకలోని ప్రతి బోల్టుకీ రెండో పలకలో సరిగ్గా అదే ఎత్తున ఇంకో బోల్టు కనబడాలి. ఎక్కడైనా ఎత్తు కలవకపోతే ఒక పలక తలకిందులైంది, లేదా బోల్టు వరస రంధ్రంలో పడింది. అర నిలబెట్టక ముందే ఈ నిమిషం పని చేస్తే తర్వాత విప్పే పని ఉండదు.

ఇక మా తప్పు. పెట్టెలో వచ్చే కాగితం ఏ3 సైజులో ఉంటుంది. మడతల్లో చిరిగిపోతోందని కొన్ని నెలలుగా మేం దాన్ని ఏ4 లోకి జెరాక్స్ తీయించి ఇస్తున్నాం. సౌకర్యంగా ఉంటుందనే అనుకున్నాం. అయితే ఆ కాగితంలో స్క్రూల బొమ్మల పక్కన 1:1 అని ఉంటుంది. బొమ్మ ఎంత పొడవుందో స్క్రూ కూడా అంతే పొడవు ఉండాలి, చేతిలోని స్క్రూను బొమ్మ మీద పెట్టి పోల్చుకోవాలి అని దాని అర్థం. ఏ3 ని ఏ4 చేస్తే ప్రతి పొడవూ దాదాపు 71 శాతానికి తగ్గుతుంది. 50 మిల్లీమీటర్ల స్క్రూ బొమ్మ మా జెరాక్స్‌లో 35 అయింది. పెట్టెలో నిజంగానే 35 మిల్లీమీటర్ల స్క్రూలు కూడా ఉన్నాయి.

గజపతినగరంలో ఒక ఇంట్లో అదే జరిగింది. కింది పట్టీకి పట్టాల్సిన 50 మిల్లీమీటర్ల స్క్రూల చోట 35వి వేశారు. బొమ్మతో పోల్చి చూసుకునే వేశారు, వాళ్ల తప్పేమీ లేదు. మిగిలిన 50 మిల్లీమీటర్ల స్క్రూలు పై పలకకు కింది నుంచి ఎక్కించారు. అక్కడ గోడకు కట్టే పట్టీ 18, పై పలక 25, మొత్తం 43 మిల్లీమీటర్లే మందం. స్క్రూ మొనలు ఏడు మిల్లీమీటర్లు పైకి పొడుచుకు వచ్చాయి. ఆ ఇంటావిడ దుమ్ము తుడుస్తుంటే గుడ్డ చిక్కుకుంది, అప్పుడు చూశారు. చేతికి గీసుకుపోయి ఉంటే నేనేమని సమాధానం చెప్పేవాణ్ణి? ఆవిడకు క్షమాపణ చెప్పి పై పలక, స్క్రూలు అన్నీ కొత్తవి వేయించాను.

జెరాక్స్ ఇవ్వడం ఆపేశాం. ఇకమీదట అసలు కాగితమే ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇస్తాం. పక్క పలకల లోపలి వైపు కుడి, ఎడమ అని తెలుగులో స్టిక్కర్ అంటిస్తున్నాం, పై అంచు ఏదో కూడా అందులో ఉంటుంది. స్క్రూల కవర్ల మీద పొడవు పెన్నుతో రాస్తున్నాం.

చిన్న కాగితంతో అర బిగించుకున్నవాళ్లు ఒక స్కేలు తీసుకోండి. మీ కాగితంలో 1:1 పక్కన ఉన్న పొడవాటి స్క్రూ బొమ్మను కొలవండి. అయిదు సెంటీమీటర్లు ఉంటే మీది అసలు కాగితమే. మూడున్నర దగ్గర ఆగితే అది మా జెరాక్స్. అప్పుడు పై పలక మీద ఒకసారి చూడండి, ముందు కళ్లతోనే, చేత్తో తడమొద్దు. తర్వాత మాకు ఫోన్ చేయండి. ఊళ్లో అయితే మా మనిషి రెండు రోజుల్లో వస్తాడు, పల్లెలకు ఆదివారాల్లో వస్తాం. స్క్రూలకు గానీ, మనిషి వచ్చినందుకు గానీ డబ్బులు అక్కర్లేదు. ఆ అర ఇంకా గోడకు కట్టి లేకపోతే, పిల్లలున్న ఇల్లయితే, మేం వచ్చేదాకా బరువు పుస్తకాలు కింది అరలోనే ఉంచండి.