ఫొటోలో తెగిపోయిన రెండు లైన్లు

బుజ్జీ,

ఆదివారం వార్డెన్ గారి ఫోన్ నుంచి నువ్వు పంపిన ఫొటో, తెలుగు పుస్తకంలో కవితా దాని ప్రశ్నలకి నువ్వు రాసిన జవాబులూ చూశాను. ఫోన్లో రెండు నిమిషాల్లో చెప్పే విషయం కాదని కూర్చుని రాస్తున్నాను, నాన్న గుంటూరు వస్తున్నారు కదా, గోంగూర పచ్చడి డబ్బాతో పాటు ఇదీ ఇస్తారు.

ముందు ఫొటో సంగతి. నువ్వు మొదట పంపినదాంట్లో ఆరు లైన్లే ఉన్నాయి. కింద నాలుగో ప్రశ్నలో మాత్రం "రైతు చేసిన పని ఏ భావాన్ని తెలుపుతోంది?" అని ఉంది. ఆరు లైన్లలో ఎక్కడా రైతు లేడే అని అనుమానం వచ్చి మళ్లీ తీయమన్నాను. ప్రశ్నలో ఉన్న మనిషి కవితలో కనపడకపోతే పేజీ తెగిందనే అర్థం. రెండో ఫొటోలో మొత్తం వచ్చింది:

ఎండాకాలం కాలువ
అమ్మ చెయ్యిలా బక్కచిక్కింది
ఒడ్డున తాటిచెట్లు మెడలు చాచి
ఎవరికోసం చూస్తున్నాయో ఏమో
నీళ్లొదిలారన్న కబురు
ఊరికి శుభలేఖ
తొలి తడి తగలగానే రైతు
చెప్పులు విప్పి చేలో అడుగు పెట్టాడు

అలంకారాల ప్రశ్నలో రెండో లైనుకి ఉపమ అని రాశావు. కరెక్టే, కానీ పేరు రాసి వదిలేశావు. "గుర్తించి సమన్వయించండి" అన్నప్పుడు సమన్వయం లేకపోతే సగం జవాబే. కాలువ ఉపమేయం, అమ్మ చెయ్యి ఉపమానం, బక్కచిక్కడం రెండింటికీ ఉన్న సమాన ధర్మం, "లా" ఉపమావాచకం. నాలుగూ ఉన్నాయి కాబట్టి పూర్ణోపమ అని కూడా రాయొచ్చు.

తాటిచెట్ల దగ్గర కూడా ఉపమ అనే రాశావు. నా దగ్గర చదివే పిల్లల్లో సగం మంది చేసే తప్పే ఇది, పోలిక వాసన తగిలితే చాలు ఉపమ అనేస్తారు. అక్కడ చెట్టుని ఇంకో వస్తువుతో పోల్చాడా? లేదు. చెట్టు చెయ్యని పనిని చేస్తోందేమో అని ఊహించాడు. ఒక వస్తువు పక్కన ఇంకో వస్తువుని పెట్టి పోలిస్తే ఉపమ, లేనిదాన్ని ఉన్నట్టు ఊహిస్తే ఉత్ప్రేక్ష. ఇక్కడ "ఏమో" పట్టిస్తోంది, కానీ ఆ మాట లేకుండా "చూస్తున్నట్లున్నాయి" అని రాసినా ఉత్ప్రేక్షే అవుతుంది, కాబట్టి "లా", "ట్లు" చూసి మాత్రమే తేల్చెయ్యకు. మీ ఇంగ్లీషు సారు దీన్నే పర్సానిఫికేషన్ అంటారు, అదీ తప్పేం కాదు, తెలుగు పేపర్లో మాత్రం ఉత్ప్రేక్ష అనే రాయి.

శుభలేఖ లైను ఖాళీగా వదిలేశావు. "లా" లేదు, "ఏమో" లేదు. కబురు శుభలేఖ లాంటిది అనలేదు, శుభలేఖే అనేశాడు. కబురు ఉపమేయం, శుభలేఖ ఉపమానం, రెండింటికీ తేడా లేదని చెప్పాడు కాబట్టి రూపకం.

ఇక థీమ్. "నీటి కొరత" అని రాశావు. ఆరు లైన్లే చూసుకుని రాసి ఉంటే నిన్ను అనను, కానీ పుస్తకం నీ ముందే ఉంది కదే! నీటి కొరత అనేది కవిత దేని గురించో చెబుతుంది, అది విషయం. ఆ విషయం గురించి కవి ఏమంటున్నాడన్నది థీమ్. దానికి చివరి రెండు లైన్లు చూడాలి. చిత్రం ఏంటంటే అక్కడ అలంకారమే లేదు, మామూలు వాక్యం. కానీ చెప్పులు ఎక్కడ విప్పుతాం? దుర్గమ్మ కొండ మెట్ల దగ్గర విప్పుతాం, ఇంటి గడపలో విప్పుతాం. చేలో దిగడానికి ఎలాగూ విప్పుతారు, బురద కదా అంటావేమో. నిజమే, కానీ ఈ కవితలో ఇంకా బురద లేదు, తొలి తడే. అంతకుముందే శుభలేఖ అని పండగ కళ తెచ్చిపెట్టాడు, అందుకే ఆ విప్పడంలో భక్తి కనపడుతోంది. ఇలా రాయి: "నీటి కోసం ఊరంతా ఎదురుచూడటాన్ని, నీళ్లు వచ్చాక రైతు తన నేలను దైవంగా భావించి గౌరవించడాన్ని కవి చెప్పాడు." దానికి కవితలోంచే ఆధారం చూపించు, ఎదురుచూపుకి తాటిచెట్లు, గౌరవానికి చెప్పులు. "నీటిని పొదుపు చేయాలి" అని మాత్రం రాయకు, ఈ కవితలో ఆ మాట ఎక్కడా లేదు, అది నువ్వు సోషల్ పాఠంలోంచి తెచ్చుకున్నది.

మన బందరు కాలువలో నీళ్లు వదిలిన రోజు నాన్న వంతెన మీద బండి ఆపి నీకు చూపించేవారు, గుర్తుందా? ఆ రోజు ఎలా ఉండేదో ఒకసారి తలుచుకుని నాలుగో ప్రశ్న మళ్లీ రాయి.

ఈసారి ఫొటో తీసేటప్పుడు పేజీ నాలుగు మూలలూ పడేలా, ట్యూబులైటు మెరుపు పడకుండా కిటికీ దగ్గర పెట్టి తీయి. పచ్చడి డబ్బా మూత గట్టిగా ఉంది, స్పూనుతో ఎత్తి తియ్యి, గోళ్లతో కాదు.

అమ్మ