అమ్మ సంవత్సరీకానికి సాయపడిన వాళ్లందరికీ

మొన్న శనివారం ప్రొద్దుటూరులో మా ఇంట్లో అమ్మ మూడో సంవత్సరీకం జరిగింది. అరవై మంది భోజనాలకు వచ్చారు. మీ అందరికీ నమస్కారం. అసలు అది శనివారం జరగడమే కొందరి చలవ. నేనైతే ఆదివారానికి పిలిచేశాను.

అమ్మ పోయింది మాఘ బహుళ పంచమి. గోడ క్యాలెండర్‌లో ఆదివారం గడిలో పంచమి అని ఉంది, సెలవు రోజు కలిసొచ్చిందని సంబరపడి అందరికీ వాట్సాప్‌లో పంపేశాను. ఐదు రోజుల ముందు స్వయంపాకం గురించి అడగడానికి మా వీధి స్వామి దగ్గరికి వెళ్తే, ఆయన పంచాంగం తిరగేసి, "ఆదివారం కాదు నాయనా, శనివారం" అన్నారు. క్యాలెండర్ గడిలో వేసేది సూర్యోదయానికి ఉన్న తిథి. తద్దినానికి చూడాల్సింది అపరాహ్ణం. పగటిని ఐదు భాగాలు చేస్తే నాలుగోది, అంటే ఇంచుమించు ఒంటిగంట దాటినప్పటి నుంచి మూడున్నర దాకా. ఈసారి పంచమి శనివారం పదకొండుకు వచ్చి ఆదివారం పదింటికల్లా వెళ్లిపోతోంది. ఆదివారం మధ్యాహ్నం మేం ఆకు వేసేసరికి అది షష్ఠి. స్వామీ, మీరు చెప్పకపోతే అమ్మకు పెట్టాల్సింది తిథి దాటాక పెట్టేవాణ్ణి.

తర్వాత పని మళ్లీ పిలవడం. మెసేజ్ మార్చి పంపితే చాలనుకున్నా. పక్కింటి అక్క ఒప్పుకోలేదు. "పెద్దోళ్లు మొదటిదే చూసి పెట్టుకునుంటారు, నోటితో చెప్పాల" అని, తనూ మా మరదలూ చెరి సగం పేర్లు రాసుకుని రెండు రోజులు ఫోన్లు చేశారు. పిలుపు కూడా మారింది. మా అన్న కొడుకు తయారుచేసిన దాంట్లో పూలు, దీపాలు, పైన 'సుస్వాగతం'. ఎదురింటి తెలుగు అయ్యవారు చూసి, పెండ్లి పత్రికలా ఉందని చెప్పి, తానే రాసిచ్చారు:

"శనివారం మాఘ బహుళ పంచమి, మా అమ్మ సంవత్సరీకం. మా ఇంట్లోనే. పెద్దలకు పెట్టడం ఒంటిగంట దాటాక, భోజనాలు రెండున్నరకు. పొద్దున టిఫిన్ చేసి రండి. దండలు, కానుకలు వద్దు."

టిఫిన్ మాట అవసరమా అని నేను నసిగాను. రెండున్నర దాకా ఆకలికి తాళలేని షుగరు వాళ్లు మన ఇండ్లల్లో ఎంతమంది అని ఆయన అడిగారు. లెక్కేసుకుంటే మా చిన్నమ్మతో మొదలుపెట్టి పదకొండు మంది.

వంట మా పాత వీధి వంటామె చేసింది. గంగాళాలు, గరిటెలు బాడుగకు తెచ్చుకున్నాం. ఆరు కిలోల బియ్యం అన్నానికి, రెండు చిత్రాన్నానికి. ఓళిగలకు రెండు కిలోల శనగబేడలు, రెండు కిలోల బెల్లం. గారెలకు రెండున్నర కిలోల ఉద్దిబేడలు. పప్పు, గోరుచిక్కుడు తాళింపు, చారు, పాయసం, మజ్జిగ. ఇంకో రెండు కూరలు చేయిద్దామని అంటే, "మీ యమ్మ తినేది ఇదే, చాలు" అని ఆమే ఆపింది. తద్దినం వంటలో ఎర్రగడ్డ, తెల్లగడ్డ వెయ్యం కదా, అవి ఇంట్లోకే రానియ్యలేదని నేను ధైర్యంగా ఉన్నా. ఆమె తాళింపులో వెయ్యబోయిన కారం డబ్బా మూత తీసి వాసన చూసి పక్కన పెట్టేసింది. అది మేం రోజూ వాడే కారం, దంచేటప్పుడే తెల్లగడ్డ వేసింది. అప్పటికప్పుడు ఉత్త ఎండుమిరపకాయలు వేయించి దంచుకుంది. అంత పొగలో ఆ వాసన ఎట్లా పట్టిందో నాకిప్పటికీ తెలీదు.

స్వామికి బియ్యం, బేడలు, కూరగాయలు, నెయ్యి స్వయంపాకంగా ఇచ్చి, అమ్మ ఫొటో ముందు ఆకు వేసి, మిద్దె మీద కాకికి పెట్టాం. పది నిమిషాలైనా రాలేదు. మా అన్న మొహం చిన్నబోయింది. గారె ముక్క గోడ చివరికి జరిపి మనుషులంతా కిందికి దిగండని వంటామె కసిరాక వచ్చింది. చుట్టూ ఇంతమందిమి నిలబడితే అది మాత్రం ఎట్లా వస్తుంది!

వడ్డన చేసిన వీధి పిల్లలకు, ఆకులు ఎత్తిన మా తోడల్లుడికి, దండలు తేకుండా వచ్చిన అందరికీ కృతజ్ఞతలు. ఎనిమిది ఓళిగలు తప్ప ఏమీ మిగల్లేదు.

ఇంకొకరికి క్షమాపణ కూడా చెప్పాలి. జమ్మలమడుగు చిన్నమామ ఫోన్ ఆ రెండు రోజులూ కలవలేదు, ఆ పేరు మళ్లీ ప్రయత్నించడం నేను మరిచాను. ఆదివారం పన్నెండుకు బస్సు దిగి, తెల్ల పంచెతో గడప దగ్గర నిలబడ్డాడు. ఇంట్లో వంటే లేదు. పక్కింటి అక్క బొరుగులు నానబెట్టి ఉగ్గాని కలిపి, మిగిలిన ఓళిగలు రెండు వేడి చేసి పెట్టింది. మామ ఒక్కమాట అనకుండా ఫొటోకు దండం పెట్టుకుని కూర్చుని తిన్నాడు. "వచ్చే ఏడు ఫోన్ చెయ్యొద్దురా, కార్డు ముక్క రాయి" అన్నాడు. రాస్తాను మామా.