సగటులకు సగటు కట్టి ర్యాంకులు ఇవ్వకండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ పేజీలో పిండి గ్రైండర్లకు ర్యాంకులు ఇచ్చారు. రెండు అమ్మకపు సైట్ల స్క్రీన్‌షాట్లలోని రేటింగులను కలిపి, రెండుతో భాగించి వేసిన పట్టిక అది. మా పర్లాకిమిడిలో ఇడ్లీ పిండి అమ్ముకునే పొదుపు సంఘం మహిళలు దాన్ని కత్తిరించి నా దగ్గరకు తెచ్చారు. మొదటి స్థానంలో ఉన్న గ్రైండరుకే డబ్బు కట్టబోతున్నారు. కాస్త ఆగమని చెప్పి, మీరు పక్కన అచ్చువేసిన స్క్రీన్‌షాట్లను భూతద్దంతో చూశాను.

ఆ గ్రైండరుకు ఒక సైట్‌లో 4.8 ఉంది. నక్షత్రాల పక్కన సన్నని బూడిదరంగు అంకె చూస్తే, ఇచ్చినవారు 25 మందే. రెండో సైట్‌లో 4,000 మంది కలిసి 3.9 ఇచ్చారు. మీ లెక్కలో ఆ పాతిక మంది మాట నాలుగు వేల మంది మాటతో సమానమై 4.35 వచ్చింది. ప్రతి రేటింగును ఇచ్చినవారి సంఖ్యతో గుణించి, కూడి, మొత్తం 4,025తో భాగిస్తే వచ్చేది 3.91. రెండో స్థానంలో పెట్టిన గ్రైండరుకు 3,000 మంది, 500 మంది కూడా 4.2 చొప్పునే ఇచ్చారు. ముందుండాల్సింది అదే.

ఒక సైట్‌లో 4,000 రేటింగులు, 310 సమీక్షలు అని రెండు అంకెలున్నాయి. నక్షత్రాలు నొక్కిన అందరూ అభిప్రాయం రాయరు. సగటు 4,000 మందిది కనుక గుణించాల్సింది కూడా దానితోనే.

అయితే ఈ లెక్క ఒక్కటే చాలదు. ఒకే సైట్‌లో 12 మంది 5.0 ఇచ్చిన కొత్త గ్రైండరు ఇలా లెక్కించినా అందరికన్నా పైకి వెళ్తుంది. అందుకే ప్రతి వస్తువుకూ పట్టికలోని సాధారణ రేటింగుతో, 4.0 అనుకుందాం, ఊహించిన 100 ఓట్లు కలపాలి. అప్పుడు కొత్తది 4.11కు దిగుతుంది, వేల ఓట్లున్న రెండోది 4.19 దగ్గర దాదాపు కదలకుండా ఉంటుంది. వందే ఎందుకంటే అది మన నిర్ణయం. ఎంత పెట్టుకున్నారో పట్టిక కింద చెప్పాలి.

ఏ గుణకారమూ సరిచేయలేని చిక్కు ఇంకొకటి ఉంది. రెండు లీటర్ల గ్రైండరు, పది లీటర్ల గ్రైండరు ఒకే పేజీలో ఉంటే సైటు వాటి రేటింగులను కలిపేసి ఉండవచ్చు. ఇంట్లో వారానికోసారి రుబ్బేవారి మెప్పు, రోజూ తెల్లవారుజామున గంటల తరబడి రుబ్బే ఈ మహిళలకు పనికిరాదు. అలాంటి వస్తువును పట్టికలో చేర్చకపోవడమే మేలు.

వచ్చే పట్టికలో ప్రతి రేటింగు పక్కన ఓట్ల సంఖ్య, స్క్రీన్‌షాట్ తీసిన తేదీ వేయండి. పాత పట్టికకు సవరణ కూడా అదే పేజీలో, అదే స్థానంలో వేయమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా