అగ్రిమెంటు ఆయన పేరున ఉన్నా...

సంపాదకునికి,

బెంగళూరు మారతహళ్లిలో మా వీధిలో ఉండే ఒక తెలుగావిడ, భర్త కొట్టిన దెబ్బలు కనపడకుండా ఎండల్లోనూ పొడుగు చేతుల జాకెట్టే వేసుకుంటుంది. "పుట్టింటికి వెళ్తే పరువు పోతుంది. ఆటోకి కూడా డబ్బుల్లేవు. ఇంటి అగ్రిమెంటు ఆయన పేరునే ఉంది. ఎక్కడికి పోను అక్కా?" అంటుంది.

2005 గృహహింస చట్టం ప్రకారం, అగ్రిమెంటు ఎవరి పేరున ఉన్నా కాపురముంటున్న ఇంట్లో ఉండే హక్కు ఆమెకుంది. అవసరమైతే భర్తనే బయటికి వెళ్లమని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు, ఖర్చులకు డబ్బు ఇప్పించవచ్చు. ప్రాణభయంతో వెళ్లిపోయినా, తాత్కాలికంగా తలదాచుకున్న ఊళ్లోనే కేసు వేయవచ్చు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది.

మొదటి అడుగు మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్. భర్త ఆమె ఫోన్ తీసి చూస్తాడు కాబట్టి పక్కింటివాళ్ల ఫోన్ నుంచి చేయడం మేలు. నా ఫోన్ ఇస్తానని ఆమెకు చెప్పాను.

– ఒక పాఠకురాలు, బెంగళూరు