వార్షిక నివేదిక: కంపోస్టు సిరీస్, భాగం నంబర్లు, ఇంకా ఈ ఏడాది పనులు

సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశానికి ముందు నివేదిక పెట్టాలి కాబట్టి పెడుతున్నా, అయితే ఈసారి నాకే రాయాలని ఉంది, కంపోస్టు సిరీస్ గురించి గట్టిగా చెప్పుకోవాలి కదా. మన సంఘం ఏం చేస్తుందో మీకు తెలిసిందే. విత్తనాల పంపిణీ, మొక్కల మార్పిడి ఎప్పట్లాగే జరిగాయి, వచ్చి నిలబడి పనిచేసిన వాళ్ళందరికీ పేరుపేరునా థాంక్స్.

ఇక సిరీస్. ఇంట్లో కంపోస్టు చేయడం మీద ఇన్‌స్టాగ్రామ్‌లో కారౌసెల్ పోస్టులు, అంటే పక్కకి జరుపుతూ చూసే స్లైడ్ల పోస్టులు, భాగాలుగా వేశాం. ఒక పోస్టులో 20 స్లైడ్ల దాకా పట్టేస్తాయి, అన్నీ ఒకేదాంట్లో పెట్టేయొచ్చుగా అని కొందరు అడిగారు. పెట్టొచ్చు, కానీ అన్ని స్లైడ్లు ఓపిగ్గా జరుపుతూ కూర్చునే వాళ్ళు తక్కువ, పైగా కంపోస్టు పని కూడా వారాల తరబడి నడిచేదే. డబ్బా ఎంచుకోవడం భాగం 1, తడి చెత్త ఒక వంతుకి ఎండాకులు రెండు మూడు వంతులు వేస్తూ పొరలు పేర్చడం భాగం 2, తడి చూసుకోవడం భాగం 3, తిరగేయడం భాగం 4. పొరలు వేయకుండా తిరగేసేది ఏముంటుంది? అందుకే వరస ముఖ్యం.

చిక్కేంటంటే ఫీడ్ మనం పెట్టిన వరసలో చూపించదు. ఒకరికి భాగం 4 ముందు కనపడుతుంది, ఇంకొకరికి స్నేహితులు భాగం 3 మాత్రమే పంపిస్తారు, అక్కడ్నుంచి వెనక్కి వెళ్ళడానికి బటన్ ఏమీ ఉండదు. నంబర్ ఉంటేనే దానికి ముందు ఇంకో భాగం ఉందని వాళ్ళకి తెలిసేది.

నంబర్‌ని "3/5" అని వేయొద్దని మన డిజైన్ చూసే అమ్మాయి పట్టుబట్టింది, ఆమెదే కరెక్టు. స్లైడ్ కుడి పైమూల యాప్ తనే 1/8, 2/8 అని లెక్క చూపిస్తుంది, దాని పక్కన మన 3/5 కూడా ఉంటే చూసేవాళ్ళు ఏది ఏంటో తేల్చుకోలేరు. అందుకని "భాగం 3" అని అక్షరాల్లో, పెద్దగా, టైటిల్ పైన ఎడమవైపు, అంచుకి అంటకుండా వేశాం. 2025 జనవరిలో ప్రొఫైల్ గ్రిడ్ చతురస్రం నుంచి 3:4కి మారాక, మనం వాడే 4:5 బొమ్మకి రెండు పక్కలా సన్నగా కోత పడుతుంది, అంచుకి అంటించిన అంకె సగం పోతుంది. పోస్టు చేసే ముందు కవర్‌ని, అంటే మొదటి స్లైడ్‌ని, గ్రిడ్‌లో కనిపించేంత చిన్నగా చేసి, అంకె చదవగలుగుతున్నామా అని చూశాం. నంబర్ రెండో స్లైడ్ మీద కూడా ఉండాలి, ఎందుకంటే కవర్ చూసి జరపకుండా పోయిన వాళ్ళకి యాప్ ఒక్కోసారి రెండో స్లైడ్‌నే మళ్ళీ చూపిస్తుంది. క్యాప్షన్ మొదటి లైను కూడా "భాగం 3: తడి ఎంత ఉండాలి" అనే మొదలు, కింద "భాగం 1 మా ప్రొఫైల్లో పైన పిన్ చేసి ఉంది" అని ఒక మాట.

మొత్తం ఎన్ని భాగాలో కవర్ మీద వేయకపోవడం మంచిదైంది. భాగం 4 తర్వాత "డబ్బా కంపు కొడుతోంది" అని చాలామంది అడిగారు. తడి ఎక్కువై గాలి ఆడకపోతే వచ్చే వాసన అది, ఎండాకులు కలిపి తిరగేస్తే తగ్గుతుంది. గుప్పెడు తీసి పిండితే ఒకట్రెండు చుక్కలు రావాలి, ధారగా కారితే తడి ఎక్కువైనట్టే. దీన్ని అప్పటికప్పుడు భాగం 5 చేశాం, తయారైన కంపోస్టు తీయడం, జల్లించడం భాగం 6కి వెళ్ళింది. ముందే "6లో 4" అని వేస్తే ఏంటంటారా, అప్పుడు మా ప్లాన్ 5 భాగాలే, "5లో 4" అని ఉండేది, పోస్టు అయిపోయాక బొమ్మ మార్చలేం, క్యాప్షన్ లాంటివే దిద్దగలం. భాగం 2లో ఒక అక్షరం తప్పు పోతే తీసేసి మళ్ళీ వేద్దామన్నారు, వద్దన్నాను, మళ్ళీ వేస్తే అది గ్రిడ్‌లో కొత్తదిగా పైకొచ్చి భాగం 4 తర్వాత కూర్చుంటుంది.

ఒక్క బాధ చెప్పాలి. భాగం 3 రాస్తానని తీసుకున్న సభ్యులు నెల దాకా ఫోనెత్తలేదు. భాగం 4 రెడీగా ఉన్నా ఆపాం, నంబర్ దాటేసి వేస్తే భాగం 3 ఎక్కడని చదివేవాళ్ళు వెతుక్కుంటారు. చివరికి ఇద్దరు రాత్రిళ్ళు కూర్చుని రాశారు, వాళ్ళకి ప్రత్యేకంగా కృతజ్ఞతలు. ఎండాకులు ఇప్పిస్తామన్న అధికారులు కూడా మాటిచ్చి కనపడలేదు.

లెక్కలు ఆడిట్ అయ్యాయి, కాగితం జతచేశాం, సందేహాలుంటే కోశాధికారిని అడగండి.

వచ్చే సిరీస్ విత్తనాలు దాచుకోవడం మీద. భాగం 1, 3కి మనుషులున్నారు, 2కీ 4కీ ఎవరూ లేరు. సమావేశంలో పేర్లివ్వండి, ఇచ్చాక మాత్రం రాయండి, అన్ని భాగాలూ చేతికొచ్చేదాకా భాగం 1 కూడా వేయం.

మీ కార్యదర్శి